ఖాతా తిరిగి ఇప్పిస్తామనే వారి మోసం: బాధితుల హక్కులు

ఇన్‌స్టాగ్రామ్ ఖాతా పరుల చేతికి చిక్కినప్పుడు, ఆ ఖాతా పేరుతో ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వవద్దని మిత్రులను హెచ్చరించడానికి బాధితులు సామాజిక మాధ్యమాల్లో ఆ సంగతి రాయడం సహజమే గాక అవసరం కూడా. అయితే అలా రాసిన కొద్ది నిమిషాలకే, తనకూ ఇలాగే జరిగిందనీ, ఫలానా నిపుణుడు గంటలో ఖాతాను తిరిగి ఇప్పించాడనీ, ఆయనకు మెసేజ్ పెట్టమనీ కామెంట్లు వచ్చి పడతాయి. వీటిలో చాలావాటిని మనుషులు రాయరు. ‘హ్యాక్’, ‘అకౌంట్ పోయింది’ వంటి మాటలు కనబడగానే ముందే సిద్ధం చేసిన జవాబును అతికించే స్వయంచాలక ఖాతాలు, అంటే బాట్‌లు, ఆ పని చేస్తాయి. ఆ నిపుణుడూ, అతన్ని మెచ్చుకున్నవాళ్లూ ఒకే ముఠా మనుషులు.

మోసం నడిచే తీరును ఒక ఊహాత్మక ఉదాహరణతో పరిశీలించవచ్చు. విజయవాడలో ఇన్‌స్టాగ్రామ్ ద్వారా చీరలు అమ్ముకునే ఒక మహిళ ఖాతా పోయిందనీ, కామెంటులో కనిపించిన నిపుణుణ్ణి ఆమె సంప్రదించిందనీ అనుకుందాం. అతడు మొదట సాఫ్ట్‌వేర్ ఖర్చు పేరుతో యూపీఐ ద్వారా 1,500 రూపాయలు తీసుకుని, ఆమె ఖాతా తెరుచుకుంటున్నట్లు కనిపించే ఒక స్క్రీన్‌షాట్ పంపుతాడు. ఆ పైన ఏదో రక్షణ కోడ్ అడ్డం వచ్చిందని చెప్పి 4,000 రూపాయలు అడుగుతాడు. తరువాత ఆమె ఫోనుకు వచ్చిన ఆరంకెల సంఖ్య చెప్పమంటాడు. డబ్బు కంటే ఈ మూడో అడుగే ప్రమాదకరం, ఎందుకంటే ఆ సంఖ్య ఇన్‌స్టాగ్రామ్‌కు చెందినది కాకుండా, ఆమె వాట్సాప్‌ను మరో ఫోనులో తెరవడానికో, ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చడానికో అతడు తెప్పించినది కావచ్చు. చెప్పిన మరుక్షణం ఒక ఖాతా పోయిన చోట రెండు పోతాయి.

ఇన్‌స్టాగ్రామ్ సర్వర్లలోకి బయటివారు ప్రవేశించి ఖాతాను తెచ్చే మార్గం లేదన్న ఒక్క విషయం తెలిస్తే ఈ నాటకం అంతా తేలిపోతుంది. ఖాతాకు జోడించిన ఈమెయిల్‌ను ఎవరైనా మార్చినప్పుడు పాత ఈమెయిల్‌కు security@mail.instagram.com నుంచి సమాచారం వస్తుంది, ఆ మార్పును రద్దు చేసే లింకు అందులో ఉండవచ్చు. అది దొరకనప్పుడు instagram.com/hacked పేజీలో మొదలుపెట్టాలి. ఖాతాలో యజమాని ముఖం ఉన్న ఫొటోలు ఉంటే, ముఖాన్ని అటూ ఇటూ తిప్పుతూ తీసిన చిన్న వీడియోతో గుర్తింపును సరిచూసే అవకాశమూ ఉంటుంది. వీటికి రుసుము లేదు. కానీ ఒక చిక్కు ఉంది: చీరల ఫొటోలు తప్ప యజమాని ముఖం ఎక్కడా లేని దుకాణపు ఖాతాకు ఆ వీడియో పద్ధతి పనికిరాదు, మిగిలిన పద్ధతులు రోజుల తరబడి సాగవచ్చు. నకిలీ సహాయకులకు గిరాకీ పుట్టేది ఈ నిరీక్షణలోనే కనుక, బాధితుల అమాయకత్వాన్ని మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు.

చట్టం దృష్టిలో ఇక్కడ జరిగినవి రెండు వేరు వేరు నేరాలు. ఇతరుల పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడుకోవడం సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66సి సెక్షన్ కిందికి వస్తుంది. లేని నిపుణుడి వేషంలో కంప్యూటర్ సాధనాల ద్వారా మోసగించడం అదే చట్టంలోని 66డి సెక్షన్ కిందికి వస్తుంది. దానికి మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. మోసగించి డబ్బు ఇప్పించుకున్నందుకు భారతీయ న్యాయ సంహిత 318(4) సెక్షన్ కూడా వర్తిస్తుంది, దాని కింద శిక్ష ఏడేళ్ల వరకు ఉండవచ్చు. బాధితులు తరచుగా మొదటి నేరాన్ని మాత్రమే ఫిర్యాదులో రాసి, రెండోదాన్ని సిగ్గుతో దాచుకుంటారు. అయితే డబ్బు చేరిన బ్యాంకు ఖాతా రూపంలో పోలీసులకు ఆధారం దొరికేది ఆ రెండో దానిలోనే.

ఆ సిగ్గుకు భయం కూడా తోడవుతుంది. డబ్బు ఇవ్వడం ఆపగానే సహాయకుడు స్వరం మార్చి, హ్యాకింగ్ చేయమని కోరినందుకు జైలుకు పంపిస్తానని బెదిరిస్తాడు. సమాచార సాంకేతిక చట్టంలోని 84బి సెక్షన్ నేరానికి ప్రేరేపించినవారికి శిక్ష చెప్పిన మాట నిజమే గానీ, ప్రేరేపణ ఫలితంగా ఆ నేరం జరిగినప్పుడే అది వర్తిస్తుందని సెక్షన్ మాటల్లోనే ఉంది. సహాయకుడు ఎవరి కంప్యూటర్‌లోకీ చొరబడలేదు, అతడు చేసింది వంచన ఒక్కటే. అయినా సందేహం వదలని వారు జాతీయ న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100కు ఫోన్ చేసి గాని, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి గాని సలహా పొందవచ్చు. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కును 1987 నాటి చట్టం ఇచ్చింది.

పోయిన డబ్బు విషయంలో మాత్రం ఆశకు హద్దు ఉండాలి. ఖాతాదారుకు తెలియకుండా జరిగిన లావాదేవీలో తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కానప్పుడు, మూడు పనిదినాల లోపు తెలియజేస్తే నష్టం ఖాతాదారుపై పడదని రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6న ఆదేశించింది. బాధితురాలు తానే పిన్ నొక్కి పంపిన 5,500 రూపాయలకు ఈ రక్షణ సాధారణంగా దక్కదు. అందువల్ల ఆమెకు మిగిలిన గట్టి దారి సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరు. ఫిర్యాదు వెంటనే అందితే, మోసగాడి ఖాతాలో ఇంకా మిగిలి ఉన్న సొమ్మును అతడు తీసుకోలేకుండా బ్యాంకులు నిలిపివేస్తాయి. అలా నిలిచిన సొమ్ము కోర్టు ఉత్తర్వుతో బాధితులకు చేరవచ్చు. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా కూడా ఇలాంటి సొమ్మును తిరిగి ఇప్పించారు. సొమ్ము చేతులు మారిపోయాక నిలపడానికి ఏమీ మిగలదు కాబట్టి, ఈ విషయంలో గంటలు లెక్కకు వస్తాయి.

ఫోన్ చేసిన తరువాత cybercrime.gov.in లో వివరాలు నమోదు చేసి, రసీదు సంఖ్య భద్రపరచుకోవాలి. ఇది ఎఫ్ఐఆర్‌తో సమానం కాదు. ఎఫ్ఐఆర్ కోసం ఏ పోలీసు స్టేషన్‌కైనా వెళ్లవచ్చు, నేరం తమ పరిధిలో జరగలేదన్న కారణంతో ఫిర్యాదు తీసుకోకుండా పంపివేయడానికి భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ అవకాశం ఇవ్వదు. ఫిర్యాదులో ప్రతి యూపీఐ చెల్లింపుకూ ఉండే 12 అంకెల సంఖ్యను, డబ్బు పంపిన యూపీఐ ఐడీని, సహాయకుడి ప్రొఫైల్ పూర్తి లింకును రాయాలి. పంపిన మెసేజ్‌లను మోసగాడు తన వైపు నుంచే చెరిపివేయగలడు కనుక, అతనితో వాదనకు దిగకముందే మొత్తం సంభాషణకు స్క్రీన్‌షాట్లు తీసుకుని, ఫోనులోని అసలు సంభాషణను కూడా చెరపకుండా ఉంచాలి.

ఇదంతా ముగిసిన కొన్నాళ్లకు, పోయిన 5,500 రూపాయలు వెనక్కి తెప్పిస్తామంటూ సైబర్ అధికారి పేరుతోనో న్యాయవాది పేరుతోనో మరొక మెసేజ్ రావచ్చు. అందుకు డబ్బు అడిగితే అదీ మోసమే: 1930లో గాని, పోలీసు స్టేషన్‌లో గాని ఫిర్యాదు తీసుకోవడానికి రుసుము లేదు.