తాబేలు ఫొటోలో ముందు కాళ్లు చూడండి



తోటలో దొరికిన తాబేలును పిల్లలు ప్రేమగా నీళ్ల టబ్‌లో వేస్తారు. అది నేల తాబేలైతే మునిగి చనిపోవచ్చు. అందుకే ముందు పక్కనుంచి ఒక ఫొటో తీయించండి. పైనుంచి తీస్తే కాళ్లు కనబడవు.

కాళ్లు ఏనుగు కాళ్లలా మొద్దుగా ఉంటే నేల తాబేలు. వేళ్ల మధ్య బాతుకున్నట్టు చర్మం ఉంటే నీటి తాబేలు.

తర్వాత డిప్ప చూడండి. ఎత్తుగా గోపురంలా ఉండి, నల్లటి పలకలపై పసుపు చారలు విచ్చుకుంటే నక్షత్ర తాబేలు. దీన్ని ఇంట్లో ఉంచుకోవడం నేరం. అటవీ శాఖకు చెప్పండి.

పలకలు కనబడకుండా నున్నటి తోలులా ఉండి, ముక్కు గొట్టంలా పొడుచుకొస్తే మన చెరువుల్లోని మెత్తడిప్ప తాబేలు. పలకల డిప్ప చదునుగా, కంటి వెనక ఎర్రచార ఉంటే అక్వేరియం షాపుల్లో అమ్మే అమెరికా తాబేలు. దాన్ని చెరువులో వదలకండి.