సప్తమం పెళ్లికేనా?

ప్రశ్న: నాది సింహ లగ్నం. శని మకరంలో, బుధుడు మిథునంలో ఉన్నారు. స్నేహితుడితో వాటాకు బట్టల దుకాణం పెట్టవచ్చా? దానికీ సప్తమమే చూడాలా?

జవాబు: అవును, ఎదుటి మనిషితో చేసుకునే ఏ ఒప్పందానికైనా సప్తమమే స్థానం. పెళ్లికైతే శుక్రుణ్ణి, నవాంశను కలిపి చూస్తాం. వ్యాపారానికి బుధుణ్ణి, దశాంశను చూస్తాం.

మీ సప్తమాధిపతి శని స్వక్షేత్రంలో ఉన్నా, అది ఆరో ఇల్లు. అప్పులకు, తగాదాలకు స్థానం, సప్తమానికి వ్యయం. కాబట్టి భాగస్వామి సమర్థుడే అయినా పేచీ అప్పుల దగ్గర రావచ్చు. ధన, లాభాధిపతి బుధుడు లాభంలోనే ఉన్నాడు కనుక వ్యాపారానికి ఢోకా లేదు. ఆరో ఇల్లు పనివాళ్లది కూడా. అందుకే స్నేహితుణ్ణి వాటాకు కాక జీతానికి పెట్టుకోవడం మేలు. వాటాయే ఇవ్వాలనుకుంటే, దశాంశలో శని బలం, నడుస్తున్న దశ చూపించుకుని, అప్పు బాధ్యత ఎవరిదో ముందే కాగితం మీద రాసుకోండి.