ముందు వెయిటేజీ, తర్వాతే ఫీచర్

ప్రశ్న: మాది మందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీ. ముగ్గురు డెవలపర్లు, రెండు వారాల స్ప్రింట్. సెలవులు, బగ్‌లు, మీటింగులు పోను చేతిలో 18 రోజుల పని ఉంటుంది. వాడేవాళ్లకు మేలుకు 50, ఆదాయానికి 30, సపోర్ట్ కాల్స్ తగ్గడానికి 20 చొప్పున వెయిటేజీ పెట్టి, 5 మార్కులకు స్కోరు వేశాం. ఎక్స్‌పైరీ అలర్ట్‌కు 4.0, వాట్సాప్‌లో బిల్లుకు 3.6, ప్రింటర్ తంటాలు సరిచేయడానికి 3.1, ఒక పెద్ద చైన్ అడిగిన రిపోర్ట్‌కు 2.2 వచ్చాయి. వీటికి వరసగా 8, 4, 2, 5 రోజులు పడతాయి. జీఎస్టీ మార్పుకు 5 రోజులు కావాలి, దాని స్కోరేమో అందరికంటే తక్కువ. సేల్స్ మేనేజర్ రిపోర్టే ముందు కావాలని, వెయిటేజీలు మార్చమని పట్టుబడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు జీఎస్టీని ఆ పట్టికలోంచి తీసేయండి. గడువులోగా చేయక తప్పని పనికి మార్కులెందుకు? దాని 5 రోజులు పక్కన పెడితే మీకు మిగిలేవి 13.

మీరు మేలును లెక్కేశారు గానీ ఖర్చును వదిలేశారు. స్కోరును రోజులతో భాగించి చూడండి. ప్రింటర్ పని 1.55తో పైకొస్తుంది. వాట్సాప్ బిల్లు 0.90. మొదట ఉన్న ఎక్స్‌పైరీ అలర్ట్ 0.50కి దిగుతుంది, రిపోర్ట్ 0.44 దగ్గర ఆగుతుంది. మొదటి రెండూ తీసుకుంటే 6 రోజులు. మిగిలిన 7 రోజుల్లో 8 రోజుల అలర్ట్ పట్టదు, 5 రోజుల రిపోర్ట్ పడుతుంది. రిపోర్ట్ దొడ్డిదారిన లోపలికొచ్చేది ఇక్కడే.

రానివ్వకముందు అలర్ట్‌ను ముక్క చేసి చూడండి. మూడు నెలల్లో గడువు తీరే బ్యాచ్‌ల జాబితా మాత్రం ఈసారి చూపించి, మెసేజ్ పంపడం తర్వాతకు పెట్టండి. షాపువాడికి కావలసింది స్టాకిస్టుకు వాపసు ఇచ్చే వీలుండగానే ఆ మందులు కంటపడటం. ఈ ముక్కకు వరసగా 4, 2, 2 మార్కులు వేస్తే స్కోరు 3.0 అవుతుంది. 5 రోజుల్లో అయితే 0.60. రిపోర్ట్ కంటే ముందుంటుంది, ఇంకా 2 రోజులు చేతిలో మిగులుతాయి.

ఇక సేల్స్ మేనేజర్ మాట. ఆయన అడిగినట్టే వెయిటేజీలు 30, 50, 20 చేసి ఒకసారి లెక్కేయండి. రిపోర్ట్‌కు మీరు 1, 5, 1 వేసి ఉంటే దాని స్కోరు 3.0కి, రోజుకు 0.60కి పెరుగుతుంది. గడువు జాబితా 0.52కి తగ్గుతుంది. ప్రింటర్, వాట్సాప్ మాత్రం ఈ రెండు లెక్కల్లోనూ పైనే ఉంటాయి. అంటే మీ తగువంతా మూడో స్థానం గురించే. మొదటి రెండింటికీ సోమవారం పని మొదలుపెట్టేయండి. మూడోది ఏదో తేలాలంటే, ఈ మూడు నెలలూ కొత్త షాపులు ముఖ్యమా, ఉన్న చైన్‌ను నిలుపుకోవడం ముఖ్యమా అన్నది యజమాని చెప్పాలి. ఆ ప్రశ్నకు దశాంశాలు జవాబివ్వవు.

కాకి పిల్ల కాకికి ముద్దు. జాబితా చూశాక ఎవరు వెయిటేజీలు పెట్టినా తన ఫీచర్ గెలిచేలాగే పెడతారు, సేల్స్ ఒక్కరే కాదు, మీరూ అంతే. అందుకే ఫీచర్ల పేర్లు బల్లమీదికి రాకముందే వెయిటేజీలు రాసి అందరి చేతా ఒప్పించాలని పదేపదే చెబుతుంటాను.

ప్రశ్న: ఎఫర్ట్‌ను కూడా ఇంకో అంశంగా చేర్చి, దానికీ వెయిటేజీ ఇవ్వవచ్చా?

జవాబు: వద్దు, 2 రోజుల పనికీ 20 రోజుల పనికీ ఉన్న పదింతల తేడా నాలుగు మార్కుల్లోకి కుంచించుకుపోతుంది, భాగించండి.

ప్రశ్న: మా టీంలో అందరూ అన్నిటికీ 4 వేస్తున్నారు. పట్టిక వల్ల ఏమీ తేలడం లేదు.

జవాబు: తేలదు మరి. అన్ని గళ్లలో 4 ఉంటే వెయిటేజీలు ఎలా మార్చినా మొత్తం 4 అవుతుంది. మార్కుకు అర్థం రాసిపెట్టండి. వాడేవాళ్లకు మేలు అన్న చోట, సగానికి పైగా షాపులు రోజూ వాడేదైతే 5, కొన్ని షాపులు వారానికోసారి వాడేదైతే 3, ఒక్క కస్టమర్ కోసమైతే 1. ఒక ఫీచర్‌ను తీసుకుని అడ్డంగా అన్ని మార్కులూ వేయకండి. మొదటి గడిలో దానిమీద పుట్టిన ఇష్టం మిగతా గళ్లకూ పాకుతుంది. ఒక అంశం తీసుకుని ఫీచర్లన్నిటికీ నిలువుగా వేసుకుంటూ రండి. ఎవరికి వారు కాగితం మీద రాసుకుని ఒకేసారి బయటపెట్టండి. రెండు మార్కులకు మించి తేడా వచ్చిన చోట మాత్రం మాట్లాడుకోండి. అక్కడ సాధారణంగా ఒకరికి తెలిసిన సంగతి ఇంకొకరికి తెలియకపోయి ఉంటుంది.

ప్రశ్న: ప్రతి స్ప్రింట్‌కూ వెయిటేజీలు మార్చుకోవచ్చా?

జవాబు: మూడు నెలలకోసారి మార్చండి, స్ప్రింట్ స్ప్రింట్‌కూ మారితే అవి మీ ప్రాధాన్యాలు కావు, ఆ వారం గట్టిగా అరిచినవాళ్లవి.