శాంపిళ్లు తారుమారైతే క్వాలిటీ విభాగానికి ఏం రాయాలి?

ప్రశ్న: గుంటూరులో ఓ ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. వార్డులో పక్కపక్క మంచాల మీద ఒకే పేరున్న ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. ఒకావిడ డయాలసిస్ పేషెంటు. ఇంకొకావిడ గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌కి వచ్చారు. పొద్దున తీసిన శాంపిళ్లలో డయాలసిస్ ఆవిడకి క్రియాటినిన్ 0.8, ఆపరేషన్ ఆవిడకి 7.9 అని రిపోర్టులు వెళ్లిపోయాయి. కిడ్నీ డాక్టర్ గారు ఫోన్ చేసి అడిగేదాకా మాకు తెలియలేదు. మళ్లీ రక్తం తీసి సరైన రిపోర్టులు ఇచ్చాం. క్వాలిటీ వాళ్లు ఇన్సిడెంట్ రిపోర్టు అడిగితే, ‘పొరపాటున శాంపిళ్లు మారిపోయాయి, ఇకముందు ఇలా జరగదు’ అని రాసిచ్చాను. వెనక్కి పంపేశారు. ఇంకేం రాయాలి సార్? శాంపిల్ తీసిన అబ్బాయి పేరు రాస్తే వాడి ఉద్యోగం పోతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: వెనక్కి పంపడం సబబే. మీరు రాసిన రెండు ముక్కల్లో మొదటిది మీరు తేల్చుకున్న నిర్ణయం, రెండోది హామీ. క్వాలిటీ వాళ్లకు కావలసింది ఈ రెండూ కాదు. ఏం జరిగింది, ఎన్ని గంటలకు, అది మీకెలా తెలిసింది అన్నవి కావాలి.

‘మారిపోయాయి’ అనే మాటకు ఆధారం చూపించాలి. పాత ట్యూబుల్ని పారేయకుండా దాచి ఉంటే, వాటినే మళ్లీ మెషిన్ మీద పెట్టిన ఫలితం రాయండి. వేరుచేసి ఫ్రిజ్‌లో ఉంచిన సీరంలో క్రియాటినిన్ ఆ కొద్ది గంటల్లో మారదు. డయాలసిస్ ఆవిడ లేబులున్న ట్యూబులో మళ్లీ 0.8 వచ్చి, ఆవిడ నుంచి కొత్తగా తీసిన రక్తంలో 8.0 వస్తే, మెషిన్ తప్పు కాదని, ఆ ట్యూబులో ఉన్నది ఆవిడ రక్తం కాదని తేలుతుంది. రెండో ఆవిడ విషయంలోనూ ఇలాగే రెండు అంకెలూ ఉండాలి. ఒకరిది మాత్రమే రాసి, రెండోది ఎటూ అంతేగా అని వదిలేయకండి. మూడో మనిషి ట్యూబు మధ్యలో కలిసిందా అన్నది చూడటానికి ఆ నాలుగు అంకెలూ కావాలి.

మీ కేసులో జాగ్రత్తగా రాయాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. డయాలసిస్ అయ్యాక క్రియాటినిన్ సగానికి పైగా పడిపోవచ్చు, పొటాషియం మామూలు స్థాయికి రావచ్చు. అందుకని పాత రిపోర్టుతో పోల్చేటప్పుడు చివరి డయాలసిస్ ఎప్పుడు జరిగిందో రాయండి. డయాలసిస్‌కి ముందు తీసిన విలువతో డయాలసిస్‌కి ముందు తీసిన విలువనే పోల్చండి. ఈ సంగతి లేకుండా ‘గతంలో 8.3, ఇప్పుడు 0.8’ అని రాస్తే చదివేవారికి అనుమానం మిగిలిపోతుంది.

తర్వాతి ప్రశ్న ఎక్కడ మారాయన్నది. పసుపు మూత ట్యూబులతో పాటు సీబీసీ కోసం ఊదా మూత ట్యూబులు కూడా తీసి ఉంటారు. వాటిలో ఎంసీవీ చూడండి. ఎర్రకణాల సగటు పరిమాణం ఒక మనిషిలో రోజుల వ్యవధిలో పెద్దగా మారదు. మధ్యలో రక్తం ఎక్కించి ఉంటే మాత్రం ఈ పోలిక పనికిరాదు. డయాలసిస్ ఆవిడకి ఎప్పుడూ 90 దగ్గర ఉండే ఎంసీవీ ఈరోజు 72 వచ్చి, కొత్త శాంపిల్‌లో మళ్లీ 90 వచ్చిందనుకోండి. అప్పుడు ఊదా ట్యూబులు కూడా తారుమారైనట్టే. ల్యాబ్‌లోకి వచ్చాక ఈ రెండు రకాల ట్యూబులూ వేర్వేరు మెషిన్లకు పోతాయి. రెండూ ఒకేలా మారాయంటే, అవి విడిపోక ముందే, అంటే రక్తం తీసిన చోటో లేబుల్ అంటించిన చోటో, పొరపాటు జరిగి ఉండాలి. పసుపువి మాత్రమే మారితే ల్యాబ్ లోపల వెతకాలి. దీన్ని రిపోర్టులో ‘జరిగిన విషయం’ కింద కాక ‘మా అంచనా’ అని విడిగా పెట్టండి.

రాత ఇలా ఉంటే చాలు:

‘ఉదయం 6.10కి, 6.20కి వార్డులో ఇద్దరి రక్తం తీశారు (తీసిన సిబ్బంది చెప్పినది). ట్యూబులకు లేబుళ్లు మంచం దగ్గర కాక, ఇద్దరివీ తీశాక నర్సింగ్ స్టేషన్ దగ్గర అంటించారు (సిబ్బంది చెప్పినది). 6.50కి ల్యాబ్‌లో స్కాన్ అయ్యాయి (సాఫ్ట్‌వేర్ నమోదు). 7.55కి ఫలితాలు విడుదలయ్యాయి (సాఫ్ట్‌వేర్ నమోదు). 9.10కి నెఫ్రాలజిస్టు ఫోన్ చేశారు. 9.15కి రెండు రిపోర్టులూ నిలిపివేశాం. 9.30కి చేతి బ్యాండ్ నంబరు సరిచూసి ఇద్దరికీ మళ్లీ రక్తం తీశాం.’

చూశారుగా, మీరు స్వయంగా చూడని ప్రతి విషయం పక్కనా అది ఎవరు చెప్పారో, ఎక్కడ నమోదైందో ఉంది. మనుషుల జ్ఞాపకాన్నీ సాఫ్ట్‌వేర్ సమయాన్నీ ఒక్క గాటన కట్టకూడదు.

అబ్బాయి పేరు గురించి. పేరు అక్కర్లేదు, ‘శాంపిల్ తీసిన సిబ్బంది’ అనో ఉద్యోగి కోడ్ అనో రాయండి. రోగులను కూడా పేరుతో కాక ఆసుపత్రి నంబరుతో రాయండి. ఇక్కడ ఇద్దరి పేరూ ఒకటే కాబట్టి పేరు రాస్తే రిపోర్టే గందరగోళం అవుతుంది. ‘నిర్లక్ష్యం వల్ల’ అన్న మాట మాత్రం ఎక్కడా వద్దు. లేబుళ్లు మంచం దగ్గర ఎందుకు అంటించలేదో కనుక్కోండి. ప్రింటర్ నర్సింగ్ స్టేషన్లోనే ఉందా? ఆ పొద్దున ఎంతమందికి ఒక్కడే తీశాడు? ఆ జవాబుల వల్లే ఆ అబ్బాయికి న్యాయం జరుగుతుంది.

చివరగా, రోగులకు ఏమైందో రాయండి. చాలా రిపోర్టుల్లో ఇదే ఉండదు. ఆపరేషన్ ఆవిడకి పొటాషియం 6.0 అని తప్పుగా వెళ్లి ఉంటే, తగ్గించడానికి ఇన్సులిన్, గ్లూకోజ్ ఏమైనా మొదలుపెట్టారా? అంతకంటే ప్రమాదం అవతలివైపు ఉంది. డయాలసిస్ ఆవిడకి నిజంగా 6.0 ఉంటే, 7.55 నుంచి కొత్త రిపోర్టు వచ్చేదాకా అది ఎవరికీ తెలియలేదు. ఆ సమయంలో ఆవిడ పరిస్థితి ఏమిటో వార్డు వాళ్లను అడిగి రాయండి.

ఇంకో మాట. కంప్యూటర్లో ఒకరి ఫలితాలు తీసి రెండోవారి పేరు మీద వేసేద్దామని కొందరు అంటారు. ఎప్పుడూ ఒప్పుకోకండి. మళ్లీ రక్తం తీసి పరీక్షించాకే ‘సవరించిన రిపోర్టు’ అన్న గుర్తుతో ఇవ్వాలి. పాత రిపోర్టు చెరిపేయకూడదు. ఐఎస్ఓ 15189 ప్రమాణం ప్రకారం సవరించిన రిపోర్టు మొదటిదాన్ని ప్రస్తావించాలి. మార్పు సంగతి డాక్టరుకు తెలియజేయాలి.

ప్రశ్న: మా ల్యాబ్‌లోనూ ఇలాంటిదే జరిగింది. పాత ఫలితంతో తేడా ఉందని డెల్టా చెక్ హెచ్చరిక వచ్చింది, కానీ నైట్ డ్యూటీలో ఉన్నవాళ్లు చూసి దాటేశారు. అది రాయొద్దని మా ఇన్‌ఛార్జ్ మేడమ్ అంటున్నారు.

జవాబు: రాయాలి. సాఫ్ట్‌వేర్‌లో ఎటూ ఉంటుంది, దాస్తే రిపోర్టు మొత్తం మీద నమ్మకం పోతుంది. ‘7.52కి హెచ్చరిక వచ్చింది, 7.55కి విడుదల చేశారు’ అని రాసి, ఎందుకు దాటేశారో వాళ్లనే అడగండి. డయాలసిస్ పేషెంట్లకు చికిత్సకు ముందూ తర్వాతా రోజూ ఇలాంటి హెచ్చరికలే వస్తుంటాయి. రోజూ వచ్చేదాన్ని రోజూ దాటేస్తారు. క్వాలిటీ విభాగానికి అన్నిటికంటే పనికొచ్చే సమాచారం ఇదే, ఎందుకంటే ఆ వార్డుకు హెచ్చరిక పరిమితులు మార్చాలో లేదో దీన్నిబట్టే తేలుతుంది. మొదటిసారి వచ్చిన రోగికి పోల్చడానికి పాత ఫలితం ఉండదు కాబట్టి అసలు హెచ్చరికే రాదు. అదీ ఒక వాక్యంలో రాయండి.

ప్రశ్న: తారుమారైనవి బ్లడ్ గ్రూప్ శాంపిళ్లయితే కూడా ఇదే ఫారమా?

జవాబు: ఫారం అదే, కానీ అది తర్వాత. ముందు బ్లడ్ బ్యాంక్‌కి ఫోన్ చేసి ఇద్దరి పేరు మీదా రక్తం ఇవ్వడం ఆపించండి. ఇప్పటికే ఎక్కిస్తుంటే వెంటనే ఆపించి డాక్టర్ని పిలవండి. ఇద్దరిదీ ఒకే గ్రూప్ వచ్చింది కదా అని ఊరుకోవద్దు. అది కేవలం ఆ రోజు అదృష్టం, తారుమారు మాత్రం జరిగినట్టే. రెండు కొత్త శాంపిళ్లు విడివిడిగా తీసి గ్రూప్ ఖాయం చేశాకే ఫారం చేతిలోకి తీసుకోండి.