మూగజీవుల సంజ్ఞలు

పిల్లి గురగురలాడితే ఆనందంగా ఉన్నదని, కుక్క తోక ఊపితే స్నేహం చూపుతున్నదని లోకులు భావిస్తారు. ఈ భావనలో సత్యం కొంత ఉంది. కాని సంపూర్ణంగా లేదు. వ్యాధితో కృశించిన పిల్లి కూడా గురగురలాడుతుంది. కరవబోయే కుక్క కూడా తోక ఊపుతుంది. ఈ సంజ్ఞలను పొరపాటుగా గ్రహిస్తే ఒకచోట పిల్లికి వైద్యం అందదు. మరొకచోట మనిషి కుక్కకాటుకు గురవుతాడు.

మనిషికి వలెనే పిల్లికి కూడా గొంతులో స్వరపేటిక ఉంది. అందులోని స్వరతంత్రులు ఊపిరి తాకిడికి కంపించినప్పుడు ధ్వని పుడుతుంది. చిన్న జంతువుల స్వరతంత్రులు పొట్టివి కనుక వాటి గొంతు సన్నగా ఉంటుంది. ‘మ్యావ్’ అనే అరుపు అటువంటిదే. గురగుర మాత్రం సెకనుకు 25 నుండి 30 కంపనలు గల మంద్రధ్వని. ఇంత చిన్న ప్రాణికి అంతటి మంద్రస్వరం ఎలా వచ్చింది?

మెదడు ఆజ్ఞ మేరకు గొంతు కండరాలు క్షణక్షణం బిగుసుకొని సడలడం వల్లనే ఈ ధ్వని పుడుతుందని శాస్త్రజ్ఞులు చాలాకాలం భావించారు. 2023లో వియన్నా పరిశోధకులు వ్యాధుల వల్ల బ్రతికే ఆశలేక, కారుణ్యమరణం పొందిన 8 పిల్లుల స్వరపేటికలను యజమానుల అనుమతితో సేకరించి, వాటిగుండా వెచ్చని, తేమగల గాలిని పంపారు. మెదడుతో సంబంధం లేకపోయినా ఆ స్వరపేటికల నుండి గురగుర వంటి మంద్రధ్వని వెలువడింది. స్వరతంత్రులలో ఇమిడి ఉన్న మెత్తని కణజాలపు దిండ్లు వాటి బరువును పెంచి కంపనను మందగింపజేస్తాయని వారు ఊహించారు. అయితే బ్రతికి ఉన్న పిల్లిలో కండరాల పాత్ర ఏమీ లేదని దీనివల్ల తేలలేదు.

పిల్లి ఎందుకు గురగురలాడుతుంది? కళ్లు తెరవని కూన తల్లి పాలు తాగుతూ గురగురలాడుతుంది. తల్లి కూడా బదులు పలుకుతుంది. ‘నేనిక్కడ ఉన్నాను, నన్ను విడువకు’ అన్నదే ఆ ధ్వనిలోని తొలి అర్థమని చెప్పవచ్చు. పెరిగిన పిల్లి ఒడిలో సుఖంగా పడుకొన్నప్పుడు, ఆకలితో అన్నం కోరినప్పుడు, ప్రసవవేదనలోను, గాయపడినప్పుడు కూడా అదే ధ్వని చేస్తుంది. ఆ కంపనలు ఎముకలను అతికిస్తాయన్న మాట ప్రచారంలో ఉన్నా, అది నిరూపితం కాలేదు. కాబట్టి తిండి ముట్టక, మూలన ముడుచుకొని, వేగంగా ఊపిరి తీస్తూ గురగురలాడే పిల్లిని పశువైద్యుని వద్దకు తీసుకొని వెళ్లాలి.

ఇక కుక్క తోక సంగతి. 2007లో ఇటలీ శాస్త్రజ్ఞులు 30 పెంపుడు కుక్కలపై ఒక ప్రయోగం చేశారు. ఒక్కొక్క కుక్కను గవాక్షం గల పెట్టెలో ఉంచి, యజమానిని, అపరిచితుని, పిల్లిని, బలిష్ఠమైన కొత్త కుక్కను విడివిడిగా ఒక్కొక్క నిమిషం చూపారు. పైనుండి కెమెరా తోక కదలికలను చిత్రించింది. యజమాని కనిపించగానే తోక కుక్క కుడివైపుకు ఎక్కువగా ఊగింది. అపరిచితుని చూసినప్పుడు ఆ మొగ్గు కొంత తగ్గింది. బలిష్ఠమైన కుక్క ఎదుటపడినప్పుడు తోక ఎడమవైపుకు మొగ్గింది. శరీరపు కుడిభాగాన్ని ఎడమ మెదడు, ఎడమభాగాన్ని కుడి మెదడు నడుపుతాయి. దగ్గర కావాలన్న కోరికకు ఎడమ మెదడుతోను, దూరంగా తొలగాలన్న భయానికి కుడి మెదడుతోను సంబంధం ఉందని ఆ శాస్త్రజ్ఞులు వివరించారు.

అయితే ఈ కుడి ఎడమల భేదం స్వల్పమైనది. వీధిలో నిలబడిన మనిషి కంటికి సులభంగా అందదు. అందువల్ల తోకతోపాటు దేహాన్నంతటిని చూడాలి. నడుము సైతం ఊగేటట్లు, తోకను విశాలంగా, సడలుగా ఊపే కుక్క సాధారణంగా స్నేహంతో ఉంటుంది. తోకను కాళ్ల నడుమకు దించి కొద్దిగా ఆడించే కుక్క భయపడుతున్నది. పిల్లలను ఈనిన వీధికుక్క ఒకటి తోకను నిటారుగా నిలిపి, కొననే వడివడిగా కదలిస్తూ, దేహం బిగించి, రెప్పవేయక చూస్తున్నదనుకొందాం. అది ఆహ్వానం కాదు, హెచ్చరిక. అప్పుడు పరుగెత్తక, దాని కళ్లలోకి చూడక, మెల్లగా వెనుకకు తొలగాలి. ఒకవేళ కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి రేబీస్ టీకా విషయమై వైద్యుని సంప్రదించాలి.

గురగుర, తోక ఊపు ఒక్కొక్కటి ఒక పదం వంటివి. సందర్భాన్ని బట్టి పదానికి అర్థం మారినట్లే, దేహస్థితిని బట్టి ఈ సంజ్ఞల అర్థం మారుతుంది.

కఠిన పదాలు – అర్థాలు
మంద్రధ్వని = తగ్గుస్థాయి శబ్దం
గవాక్షం = కిటికీ
సంజ్ఞ = గుర్తు, సైగ
స్వల్పం = కొంచెం

ప్రశ్నలు
1. గురగుర ధ్వని పుట్టుకను గూర్చి 2023 ప్రయోగం ఏమి తెలిపింది?
2. కుక్క తోక కదలికపై ఇటలీ శాస్త్రజ్ఞుల ప్రయోగాన్ని వివరించండి.
3. తోక ఊపుతున్న కుక్క స్నేహంతో ఉన్నదో లేదో ఎలా గుర్తించాలి?