సందేహాలు - సమాధానాలు: మూడుసార్లు చదివినా మిగిలిపోయిన తప్పులు

లెస్టర్ నుంచి ఒక ఎమ్మెస్సీ విద్యార్థిని: పదిహేను వేల మాటల డిసర్టేషన్ రాశాను. మొదటి నుంచి చివరిదాకా మూడుసార్లు చదివాను, వర్డ్‌లో ఎర్రగీత ఒక్కటి కూడా లేదు. మా సూపర్‌వైజర్ గారు అలా తిరగేసి `from` ఉండాల్సిన చోట `form` ఉందని, పట్టికలో అంకె ఒకటి, పైన రాసింది ఒకటని చూపించారు. ఇంకా ఎన్ని ఉన్నాయోనని భయంగా ఉంది. సబ్మిషన్‌కు వారం టైముంది. మళ్లీ చదవమంటారా?

జవాబు: వద్దమ్మా, నాలుగోసారి చదివినా అవే దాటిపోతాయి. చదివేటప్పుడు కన్ను పంక్తి వెంట సాఫీగా సాగదు, గెంతుతూ పోతుంది. ఒక్కోచోట సుమారు పావు సెకను ఆగుతుంది, చిన్న మాటల దగ్గర చాలాసార్లు అసలు ఆగనే ఆగదు. ఆ ఖాళీని మనసు తనకు తెలిసినదానితో పూరించేస్తుంది. ఇతరుల రాతలో ముందేముందో మనకు కొంతే తెలుసు, సొంత రాతలో అంతా తెలుసు. మాటలో నడిమి అక్షరాలు తారుమారైనా చదువరి పెద్దగా తడబడడని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో గ్రాహమ్ రాలిన్సన్ తన 1976 నాటి పీహెచ్‌డీలో చూపించాడు. మీ `form` సరిగ్గా ఆ జాతి తప్పే. పైగా అది నిఘంటువులో ఉన్న మాటే కాబట్టి ఎర్రగీత పడలేదు.

కాబట్టి చదవడం మాని వెతకడం మొదలుపెట్టండి. ఒక్కో విడతలో ఒక్క రకం తప్పే వెతకాలి, మిగతావి కంటపడినా గుర్తుపెట్టుకుని వదిలేయాలి.

అన్నిటికంటే ముందు రాత ఆపాలి. నేను చూసే డిసర్టేషన్లలో పచ్చి తప్పులు ఎక్కువగా పుట్టేది ఆఖరి రోజు దిద్దుబాట్లలోనే. వాక్యం సగం మార్చి పాత క్రియను అలాగే వదిలేస్తారు, పేరా జరిపి "పైన చెప్పినట్టు" అన్న మాటను జరపడం మరిచిపోతారు. ట్రాక్ చేంజెస్ అన్నీ ఒప్పుకునో తోసిపుచ్చో ముగించి, ఫైలుకు కొత్త పేరు పెట్టి, ఒక రాత్రి దాని జోలికి పోకండి.

మర్నాడు చూడాల్సింది ఎర్రగీత నిజంగా పనిచేస్తోందా అని. ఫైలంతా సెలెక్ట్ చేసి `Review`, `Language`, `Set Proofing Language` తెరవండి. ఇంగ్లీష్ యునైటెడ్ కింగ్‌డమ్ ఎంచుకోండి. కింద `Do not check spelling or grammar` అన్న గడి ఉంటుంది, అందులోని టిక్ తీసేయండి. వేరేచోటి నుంచి కాపీ చేసి అతికించిన పేరాలకు ఈ టిక్ అతుక్కుని వస్తూ ఉంటుంది. అలాంటి పేరాలో ఏం రాసినా వర్డ్ నోరెత్తదు. అలాగే `Options`లో `Proofing` కింద `Ignore words in UPPERCASE` దగ్గర టిక్ ఉంటే, పెద్దక్షరాల్లో ఉన్న అధ్యాయాల పేర్లను అసలు తనిఖీయే చేయదు. ఎర్రగీత లేదని మీరు నిశ్చింతగా ఉన్నారు చూడండి, ఈ రెండూ సరిచేశాక ఎన్ని గీతలు పుడతాయో చూసుకోండి.

ఆ తరువాత కంట్రోల్-ఎఫ్. స్పెల్‌చెక్‌కు దొరకని మాటల చిట్టా ఒకటి రాసి పెట్టుకోండి: `form`, `manger`, `trail`, `casual`, `asses`, `pubic`. పబ్లిక్ హెల్త్ విద్యార్థులకు చివరిది మరీ ముఖ్యం, నవ్వులాట కాదు. మాట మొత్తంగా దొరికేలా `Find whole words only` పెట్టి ఒక్కొక్కటీ వెతకండి. ఇక్కడి ఇంగ్లీషులో `practice` నామవాచకం, `practise` క్రియ. `licence`, `license` కూడా అంతే. రెండు రూపాలూ నిఘంటువులో ఉన్నవే కాబట్టి వీటినీ చిట్టాలో చేర్చండి. `organise` అని రాసినా `organize` అని రాసినా బ్రిటన్‌లో చెల్లుతుంది గానీ, ఒకే డిసర్టేషన్‌లో రెండూ ఉంటే అతికినట్టు ఉండదు.

ఇక అంకెలు. పరీక్షకులు ముందుగా పట్టుకునేవి ఇవే కాబట్టి ఇక్కడ తీరిగ్గా కూర్చోండి. తెల్లకాగితం మీద నాలుగు గడులు గీయండి: సారాంశం, పద్ధతి, ఫలితాలు, ముగింపు. సర్వేకు జవాబిచ్చినవారు ఎందరని మీరు ఎక్కడెక్కడ రాశారో వెతికి ఆ గడుల్లో వేయండి. సారాంశంలో 124, పద్ధతిలో 142, పట్టికలో మగవారు 61, ఆడవారు 63 ఉన్నాయనుకోండి. పట్టిక కూడితే 124 వస్తుంది కాబట్టి 142 వేలు తడబడి పడిందని అనిపిస్తుంది. వెంటనే దిద్దకండి, అసలు డేటా ఫైలు తెరిచి వరుసలు లెక్కపెట్టండి. ఒకవేళ 142 మంది జవాబిచ్చి, పద్దెనిమిది మందివి అసంపూర్తిగా ఉండి తీసేసి ఉంటే తప్పు అంకెలో లేదు, ఆ సంగతి చెప్పాల్సిన వాక్యం లేకపోవడంలో ఉంది. శాతాలనూ క్యాలిక్యులేటర్ మీద మళ్లీ వేయండి. 124లో 61 అంటే 49.2 శాతం. ఒకచోట 49, ఇంకోచోట 49.2 అని రాస్తే ఏదో ఒకటి ఖాయం చేసుకోండి.

అధ్యాయాల, పట్టికల నంబర్లను వర్డ్ చేతే వేయించి ఉంటే, కంట్రోల్-ఏ, ఎఫ్9 నొక్కి తాజా చేయండి. తరువాత `Error!` అని వెతకండి. పట్టిక తీసేసి దాన్ని ప్రస్తావించే వాక్యాన్ని ఉంచేస్తే అక్కడ `Error! Reference source not found.` అని పడుతుంది. తాజా చేయనంతసేపూ పాత నంబరే కనిపిస్తుంది, తీరా ప్రింటు తీసేటప్పుడు బయటపడుతుంది. అందుకే అప్‌లోడ్ చేసే పీడీఎఫ్‌ను పేజీ పేజీ తిప్పి చూడాలి, వర్డ్ ఫైలు చూశాం కదా అని ఊరుకోకూడదు.

చిట్టచివర కాగితం మీదికి రండి. ఫాంటు మార్చి, పంక్తుల మధ్య ఎడం పెంచి ప్రింటు తీయండి. మీకు అలవాటైన పంక్తి విరుపులు మారిపోతే చాలు, సగం కొత్త రాతలా కనిపిస్తుంది. చివరి పేరా నుంచి మొదటి పేరా వైపు వెళ్లండి. వాదన తెగిపోతుంది కాబట్టి మనసు పూరించడానికి పెద్దగా ఏమీ ఉండదు. స్కేలు కింద ఒక్కో పంక్తే కనపడనిస్తూ, పైకి వినపడేలా చదవండి. గంటకు పదీ పన్నెండు పేజీలు దాటితే మీరు మళ్లీ చదవడం మొదలుపెట్టారన్నమాట.

ఇన్ని చేసినా ఒక రకం తప్పు జారుకుంటుంది. 1631లో లండన్‌లో రాబర్ట్ బార్కర్, మార్టిన్ లూకస్ అచ్చువేసిన బైబిలులో వ్యభిచారాన్ని నిషేధించే ఆజ్ఞలో "వద్దు" అనే మాట ఒక్కటే ఎగిరిపోయింది. వాక్యం వ్యాకరణపరంగా నిక్షేపంగా ఉంది, చెవికీ తేడా తెలియదు. వాళ్లకు 300 పౌన్ల జరిమానా పడింది. మీ డిసర్టేషన్‌లో `not` ఉన్న వాక్యాలను, ఉండాల్సిన వాక్యాలను ఫలితాల పట్టిక పక్కన పెట్టుకుని చూడటమొక్కటే దీనికి మార్గం.

కార్డిఫ్ నుంచి ఒక పాఠకుడు: నేను అకౌంట్స్ ఆఫీసులో పనిచేస్తాను. రోజూ కంపెనీల పేర్లు, నంబర్లు ఎక్కించే పని. ఎంత జాగ్రత్తగా చూసినా నెలకోసారైనా ఒక అక్షరం తప్పుతుంది. "ఒక్క అక్షరమేగా" అంటారు తోటివాళ్లు.

జవాబు: ఒక్క అక్షరం ఏం చేయగలదో మీ ఊళ్లోనే తేలిందండీ. 2009 ఫిబ్రవరిలో మాంచెస్టర్‌కు చెందిన టేలర్ అండ్ సన్ లిమిటెడ్ అనే కంపెనీని మూసేయాలని కోర్టు ఆదేశమిచ్చింది. కంపెనీస్ హౌస్ దాన్ని కార్డిఫ్‌లోని టేలర్ అండ్ సన్స్ లిమిటెడ్ ఖాతాలో ఎక్కించింది. తేడా చివరి ఎస్ ఒక్కటే. పొరపాటును కొద్ది రోజుల్లోనే సరిదిద్దారు గానీ, ఈలోపు ఆ కబురు క్రెడిట్ రిఫరెన్స్ సంస్థలకు చేరిపోయింది. సరుకిచ్చేవాళ్లు అప్పు ఇవ్వడం మానేశారు. రెండు వందల పైచిలుకు మంది పనిచేసే ఇంజనీరింగ్ కంపెనీ ఆ ఏడాదే అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది. తప్పు కంపెనీస్ హౌస్‌దేనని, నష్టానికి అదే బాధ్యత వహించాలని 2015 జనవరిలో హైకోర్టులో జస్టిస్ ఈడిస్ తీర్పు చెప్పారు.

ఇలాంటి తప్పును ఎంత నింపాదిగా చూసినా కన్ను పట్టుకోలేదు, ఎందుకంటే "సన్" అయినా "సన్స్" అయినా తెర మీద కనిపించేది మంచి పేరే. పోల్చి చూడాలి. ఒకే గుర్తుతో ఎప్పుడూ సరిపెట్టుకోకండి. పేరుతో పాటు ఎనిమిదంకెల కంపెనీ నంబరు, రిజిస్టర్డ్ చిరునామా కూడా కలవాలి. ఆధార పత్రాన్ని తెర పక్కనే నిలబెట్టి, నంబరును రెండేసి అంకెలుగా విడగొట్టి, కుడి నుంచి ఎడమకు సరిచూడండి. ఎడమ నుంచి చూస్తే మొదటి నాలుగంకెలు కలవగానే మనసు మిగతావి కలిసిపోయాయని సంతకం పెట్టేస్తుంది.

వీలైతే ఇంకొకరిని కూర్చోబెట్టుకోండి. అచ్చాఫీసుల్లో పూర్వం నుంచీ ఉన్న పద్ధతి ఇదే: ఒకరు అసలు ప్రతి పట్టుకుని ఒత్తి పలుకుతూ, కామా, బ్రాకెట్, చివరి ఎస్ అన్నీ చెబుతూ చదువుతారు, రెండోవారు ప్రూఫు మీద వేలు పెట్టి చూస్తారు. చదివేది ఎప్పుడూ అసలు ప్రతి నుంచే. తిరగేసి చేస్తే, వినేవారు తలూపడం తప్ప ఇంకేమీ జరగదు. ఒంటరిగా ఉంటే ఆధార పత్రాన్ని మీ గొంతుతోనే ఫోనులో రికార్డు చేసి, ఎక్కించినది చూస్తూ వినండి.

ఈస్ట్ హామ్ నుంచి ఒక సంఘ సభ్యురాలు: ఉగాదికి మా తెలుగు సంఘం సావనీర్ అచ్చు వేస్తోంది. నూట ఇరవై పేజీలు, ప్రూఫు నా నెత్తిన పడింది. ఇంగ్లీషుకు స్పెల్‌చెక్ ఉంది, తెలుగుకు నేనేం చేయను?

జవాబు: మీరు కూడా ఒక చిట్టా పెట్టుకోండమ్మా, తెలుగుకు అదే ఎక్కువ పనికొస్తుంది. థ, ధల దగ్గర మొదలుపెట్టండి. `కధ` అని వెతకండి, కనీసం ఒక్కటైనా దొరుకుతుందని నా నమ్మకం. ఆ తరువాత `అర్ధం`. సగం అనే భావం ఉన్నచోట ఉంచి మిగతావన్నీ `అర్థం` చేయండి. సావనీర్లలో ఎక్కువగా చూసేది "పురస్కార ప్రధానం". అవార్డు ఇచ్చేది ప్రదానం, కాబట్టి `ప్రధాన` అని వెతికి ఒక్కొక్కటీ చూడాలి, అన్నీ ఒక్కసారిగా మార్చేస్తే ప్రధానమంత్రి సందేశం పాడవుతుంది.

కొన్ని వ్యాసాలు పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసి యూనికోడ్‌లోకి మార్చినవై ఉంటాయి. వాటిలో ఒత్తులు, సున్నలు చెదురుతాయి, పైకి బాగానే కనిపించే మాట వెతుకులో దొరకదు. అలాంటి వ్యాసాలను విడిగా తీసి, రచయిత పంపిన పీడీఎఫ్‌తో పంక్తి పంక్తి పోల్చండి.

పెద్ద అక్షరాలను చిట్టచివర ఇంకోసారి చూడండి. శీర్షికలు, ఫొటోల కింది పేర్లు, అట్ట మీది సంవత్సరం. ఇవి చదవాల్సినవని కన్నుకు అనిపించదు, బొమ్మల్లా దాటిపోతుంది. దాతల పేర్లను మాత్రం మీరు దిద్దకండి. లక్ష్మి అనాలా లక్ష్మీ అనాలా అన్నది వారిష్టం, విరాళం ఫారంలో ఎలా రాశారో అలాగే ఉండాలి.

స్లౌ నుంచి ఒక విద్యార్థి: డబ్బిచ్చి ప్రూఫ్‌రీడర్‌తో చూపిస్తే యూనివర్సిటీ తప్పుపడుతుందా?

జవాబు: ఒక్కోచోట ఒక్కో నియమం. చాలాచోట్ల అక్షరదోషాలు, కామాలు గుర్తించి చూపడం వరకు ఒప్పుకుంటారు, వాక్యాలు తిరగరాస్తే మాత్రం మీ సొంత పని కాదంటారు. కొన్నిచోట్ల సూపర్‌వైజర్ అనుమతి కావాలి. ముందు మీ కోర్సు హ్యాండ్‌బుక్ చూడండి, అందులో లేకపోతే డిపార్ట్‌మెంటుకు ఈమెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. చార్టర్డ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడిటింగ్ అండ్ ప్రూఫ్‌రీడింగ్ వారి డైరెక్టరీలో మనుషులు దొరుకుతారు. ట్రాక్ చేంజెస్ పెట్టి చూడమని చెప్పండి, మార్పులను ఒక్కొక్కటిగా మీరే ఒప్పుకోండి. `Accept All` నొక్కారంటే ప్రూఫ్‌రీడర్ చేసిన పొరపాట్లూ మీ పేరు మీదే వెళతాయి.