రివ్యూ ముందు జ్వరం: ఏ తేదీ కదులుతుంది, ఏది కదలదు

దివిసీమలో వానాకాలం చివర జ్వరాలు ముసురుకుంటాయి. ఏప్రిల్‌తో సంవత్సరం మొదలయ్యే కంపెనీల్లో అర్ధ సంవత్సరం రివ్యూలూ సరిగ్గా అప్పుడే, అక్టోబర్, నవంబర్ నెలల్లో వస్తాయి. రొయ్యల మేత కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగికైనా, ప్రైవేటు బ్యాంకులో లోన్ ఆఫీసర్‌కైనా ఈ రెండూ ఒకే వారంలో ఎదురైతే రివ్యూ వాయిదా అడగక తప్పదు. అడగడానికి మొహమాటపడేవాళ్లు కొందరు, అడగడం తెలియక నష్టపోయేవాళ్లు ఎక్కువమంది.

అడిగే ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. రివ్యూ వెనక రెండు తేదీలుంటాయి. మేనేజర్ ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడే తేదీ మొదటిది. రేటింగ్‌లన్నీ హెచ్‌ఆర్ సిస్టమ్‌లో ఎక్కించి తాళం వేసే తేదీ రెండోది. మొదటిది మేనేజర్ చేతిలో ఉంటుంది. రెండోది సాధారణంగా ఆయన చేతిలో కూడా ఉండదు. అందుకే ‘నా రివ్యూ వాయిదా వేయండి’ అని మాత్రమే అడిగితే, తాళం పడే తేదీ గుర్తొచ్చి మేనేజర్ వెనకాడతాడు. ఆ తేదీ ఏదో హెచ్‌ఆర్‌ను కనుక్కుని, దానికి ఇవతలే కొత్త తేదీ అడిగితే ఒప్పుకోవడం ఆయనకు తేలిక.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అవనిగడ్డలో ఉంటూ మోపిదేవి, నాగాయలంక, కోడూరు వైపు మేత డీలర్లను చూసుకునే కుర్రాడు. మేనేజర్ గుడివాడలో. రివ్యూ నవంబర్ 14, శుక్రవారం. రేటింగ్‌లు ఎక్కించడానికి గడువు 25. మొత్తం 11 మంది డీలర్ల అమ్మకాలు, వసూళ్లు, బకాయిలు చూపించాలి. బకాయి లెక్క మీద డీలర్ సంతకం కూడా ఉండాలి. ఎనిమిది మందివి పూర్తయ్యాయి. నాగాయలంక, కోడూరుల్లో ముగ్గురు మిగిలారు. గురువారం, 6వ తేదీ రాత్రి జ్వరం పట్టుకుంది. శనివారం రక్తపరీక్షలో డెంగీ అని తేలింది.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. ‘రెండు రోజులు ఆగండి సార్, తగ్గిపోతుంది’ అని మెసేజ్ పెడతారు. డెంగీలో జ్వరం తగ్గే రోజులే జాగ్రత్తగా ఉండాల్సినవి. ప్లేట్‌లెట్లు పడిపోవడం, ప్రమాద సూచనలు కనిపించడం ఎక్కువగా అప్పుడే. ఆ గండం దాటాక కూడా నీరసం కొన్ని వారాలు ఉండొచ్చు. రెండు రోజుల వాయిదా అడిగినవాళ్లు మళ్లీ వాయిదా అడగాల్సి వస్తుంది. మొదటిసారి అర్థం చేసుకున్న మేనేజరే రెండోసారి అనుమానంగా చూస్తాడు. కొత్త తేదీని జ్వరాన్ని బట్టి లెక్క వేయకూడదు. డాక్టర్ చీటీ మీద రాసిన విశ్రాంతి ఆఖరి రోజు నుంచి లెక్క పెట్టి, మిగిలిన పనికి పట్టే రోజులు దానికి కలపాలి.

మన కుర్రాడికి మంగళవారం, 11న జ్వరం దిగింది. 16, ఆదివారం దాకా విశ్రాంతి తీసుకోమని డాక్టర్ రాశారు. సోమ, మంగళవారాల్లో ముగ్గురు డీలర్లనూ కలవొచ్చు. అంటే బుధవారం, 19కి సిద్ధం. 25వ తేదీ గడువుకు ఇంకా ఆరు రోజులుంటాయి. శనివారమే ‘డెంగీ అని తేలింది, విశ్రాంతి ఎన్నాళ్లో తెలియగానే రివ్యూ గురించి రాస్తాను’ అని ఒక చిన్న వాట్సాప్ మెసేజ్ చాలు. మంగళవారం రాయాల్సిన మెయిల్ ఇలా ఉండొచ్చు:

‘నమస్తే సార్. నాకు డెంగీ అని శనివారం తేలింది. 16 వరకు విశ్రాంతి తీసుకోమని డాక్టర్ రాశారు, చీటీ జతచేశాను. 14న ఉన్న నా రివ్యూను 19కి గానీ 20కి గానీ మార్చమని కోరుతున్నాను. 11 మంది డీలర్లలో 8 మంది లెక్కలు పూర్తయ్యాయి, అవీ పంపుతున్నాను. మిగతా ముగ్గురివి 18 సాయంత్రానికి అందిస్తాను. తేదీ మార్చడం కుదరకపోతే, ముగ్గురి లెక్కలు అందాకే రేటింగ్ ఖరారు చేయమని మనవి.’

ఆఫీసులో ఇంగ్లిష్ మెయిలే రాయాల్సి వచ్చినా విషయం ఇంతే. ఇందులో బరువంతా ఎనిమిది మంది లెక్కల మీద ఉంది. జ్వరం రాకముందే పని జరిగిందనడానికి అదే రుజువు. వాంతులు, ఒళ్లునొప్పులు, సెలైన్ బాటిల్ ఫొటో అక్కర్లేదు. టార్గెట్ ఎక్కువ పెట్టారన్న ఫిర్యాదు ఈ మెయిల్‌లో అసలు కలపకూడదు. అది న్యాయమైనదే కావొచ్చు, కానీ చదివేవాళ్లకు జ్వరం సాకులా కనిపించే ప్రమాదం ఉంది.

‘ఇంటి నుంచి ఫోన్‌లో కలుస్తాను సార్’ అని మొహమాటానికి ఒప్పుకునేవాళ్లూ ఉన్నారు. సిక్ లీవ్ పెట్టిన రోజే రివ్యూలో కూర్చుంటే ఆ లీవ్ మీదే ప్రశ్న రావొచ్చు. పైగా నీరసంలో చెప్పిన జవాబులే రికార్డులో మిగులుతాయి. మరో పొరపాటు, లీవ్ పెడితే రివ్యూ దానంతటదే ఆగుతుందనుకోవడం. అవి రెండు వేర్వేరు అభ్యర్థనలు. లీవ్ మంజూరైనా క్యాలెండర్‌లో రివ్యూ అలాగే ఉండొచ్చు.

మేనేజర్ ‘చూద్దాంలే’ అంటే ఒప్పుకున్నట్టు కాదు. కొత్త తేదీతో మెయిల్ వచ్చాకే మారినట్టు. రివ్యూలో విజయవాడ నుంచి మరో అధికారి కూర్చునేట్టయితే ఆయనకూ మెయిల్ కాపీ వెళ్లాలి. లేకపోతే ఆ రోజు ఆయన వచ్చి ఖాళీ కుర్చీ చూస్తారు.

ప్రొబేషన్‌లో ఉన్న కొత్త ఉద్యోగులు ఇంకొకటి చూసుకోవాలి. రాతపూర్వకంగా ఖాయం చేసేదాకా ప్రొబేషన్ కొనసాగుతుందని చాలా అపాయింట్‌మెంట్ లెటర్లలో ఉంటుంది. రివ్యూ నెల వెనక్కి వెళితే ఉద్యోగం ఖాయం కావడం కూడా వెనక్కి వెళ్లొచ్చు. అలాంటప్పుడు అడిగే వాయిదా వీలైనంత చిన్నదిగా ఉండాలి. ప్రొబేషన్ గడువు లోపే కొత్త తేదీ అడగడం మంచిది.

ప్రైవేటు కంపెనీలో వాయిదా హక్కు కాదు, కంపెనీ పాలసీని, మేనేజర్ విచక్షణను బట్టి దొరికేది. కేంద్ర ప్రభుత్వ శాఖల్లో పరిస్థితి వేరు. అక్కడ ఎదురుగా కూర్చునే సమావేశం కన్నా ఏటా రాసే పనితీరు నివేదిక ముఖ్యం. ఉద్యోగి తన పని గురించి తాను రాసుకునే భాగానికి మామూలు గడువు ఏప్రిల్ 15, పై అధికారి రాయడానికి జూన్ 30. మచిలీపట్నంలో అలాంటి ఆఫీసులో పనిచేసే ఉద్యోగి మార్చి చివర మంచం పట్టి తన భాగం ఇవ్వకపోతే, అది లేకుండానే పై అధికారి నివేదిక రాసేయవచ్చు. కాబట్టి ఏప్రిల్ 15కి ముందే, అనారోగ్యం వల్ల ఆలస్యమవుతుందని, ఫలానా తేదీకి ఇస్తానని రాసి, అందినట్టు రుజువు ఉంచుకోవాలి.

ఆ గడువు దాటిపోయినా అక్కడ మరో అవకాశం మిగిలి ఉంది. దేవ్ దత్ కేసులో 2008లో సుప్రీంకోర్టు, నివేదికలోని ప్రతి వ్యాఖ్యనూ ఉద్యోగికి తెలియజేయాలని చెప్పింది. 2009 మే నుంచి కేంద్ర ఉద్యోగులకు పూర్తి నివేదిక చూపించాలన్న ఆదేశం ఉంది. అది చేతికందిన 15 రోజుల్లోపు గ్రేడ్ మీద, వ్యాఖ్యల మీద రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకోవచ్చు. అనారోగ్యం వల్ల చెప్పుకోలేకపోయిన పనిని ఆ కాగితంలో రాయొచ్చు, డాక్టర్ చీటీని దానికి జతచేయొచ్చు.